వీడ్కోలు మెయిల్‌లో ఫోన్ నంబర్ ఇవ్వాలా?

*పదకొండేళ్లుగా ఒకే ఆఫీసులో, బిల్లింగ్ టీమ్‌లో పని చేస్తున్నాను. వచ్చే శుక్రవారం నా ఆఖరి రోజు. అందరికీ వీడ్కోలు మెయిల్ పంపాలని నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ చెరిపేశాను. ఇప్పుడున్న డ్రాఫ్టు ఒకటిన్నర పేజీ, అందులో 19 మంది పేర్లు. ఎవరినైనా మర్చిపోయానేమోనని రాత్రిళ్లు లేచి చూసుకుంటున్నాను. అది ఈ ఉత్తరానికి జత చేశాను.*

*మా మేనేజర్‌తో రెండేళ్లుగా మాటలు అంతంతమాత్రం. నేను తయారు చేసిన రిపోర్టు ఆయన పేరుతో పైవాళ్ల దగ్గరికి వెళ్లింది. ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లింది. ఆయనకి థ్యాంక్స్ రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే అందరూ గమనిస్తారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, మా నాన్న ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా సెలవిచ్చారు.*

*అందరితో టచ్‌లో ఉండాలని ఉంది. కానీ ఆఫీసు గ్రూప్ మెయిల్‌లో 300 మంది ఉన్నారు, వాళ్లలో ఒకాయన వేళాపాళా లేకుండా ఫోన్ చేసే రకం. క్లయింట్ ఆఫీసులో ఒకావిడ నాకు మంచి స్నేహితురాలైంది. ఆవిడకీ ఇదే మెయిల్ పంపొచ్చా?*

*– పేరు వద్దు*

మీ డ్రాఫ్టు రెండుసార్లు చదివాను. దాని సంగతికి వచ్చే ముందు ఒకటి అడుగుతాను. శుక్రవారం మీ లాగిన్ ఎన్నింటికి ఆగిపోతుంది? ఇది తెలియకపోతే సోమవారమే హెచ్‌ఆర్‌ని అడగండి. కొన్ని ఆఫీసుల్లో రాత్రి దాకా నడుస్తుంది. కొన్నిచోట్ల లాప్‌టాప్ అప్పగించిన క్షణమే పోతుంది, ఆ అప్పగింత మధ్యాహ్నానికే అయిపోవచ్చు. చాలా ఏళ్ల కిందట నేను ఒక ఉద్యోగం మానేసినప్పుడు వీడ్కోలు మెయిల్ మూడు రోజులు చెక్కాను. ఆఖరి రోజు అందరితో టీ తాగి, సీటు దగ్గరికి వచ్చి పంపుదామని కూర్చుంటే పాస్‌వర్డ్ తప్పు అంది. ఆ మెయిల్ ఇప్పటికీ ఏదో సర్వర్‌లో డ్రాఫ్టుగానే ఉండి ఉంటుంది. నేను చెప్పకుండా వెళ్లిపోయానని కొందరు చాలాకాలం అనుకున్నారు.

ఈ ప్రశ్నతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మీరు ఇన్ని రాత్రులు మేలుకున్నది కృతజ్ఞతలు చెప్పే పేరాల కోసం. మెయిల్ అందుకున్నవాళ్లు వాటిని ఒకసారి చదువుతారు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా మీ పేరు కొట్టి ఆ మెయిల్‌ని మళ్లీ వెతికితే అది మీ అడ్రస్ కోసమే. మీరు పంపే అడ్రస్సేమో, అదే సాయంత్రం చచ్చిపోయే అడ్రస్. కాబట్టి సొంత మెయిల్ ఐడీ మెయిల్‌లో స్పష్టంగా ఉండాలి, సబ్జెక్టులో మీ పూర్తి పేరు ఉండాలి. "వీడ్కోలు" అని మాత్రమే ఉన్న సబ్జెక్టు తర్వాత వెతికితే దొరకదు. పదిమంది వెళ్లిపోయిన ఆఫీసులో పది వీడ్కోలులు ఉంటాయి.

ఇక 19 పేర్ల సంగతి. ఈ లెక్క ఎప్పటికీ తెగదు. 19 రాస్తే ఇరవయ్యో మనిషి చిన్నబుచ్చుకుంటారు, 25 రాస్తే ఇరవై ఆరో మనిషి. పైగా మీ జాబితాలో కొందరికి నాలుగు వాక్యాలు, కొందరికి "అలాగే" అని ఒక కామా. ఆ కామా దగ్గర ఉన్నవాళ్లు దాన్ని చూసుకోరనుకుంటున్నారా? 300 మందికి వెళ్లే మెయిల్‌లో పేర్లే లేకపోతే ఎవరూ మిగిలిపోరు. ఆ 19 మందికీ విడిగా మూడేసి లైన్లు రాయండి, అందులో మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి పెట్టండి. సర్వర్ పడిపోయిన రాత్రి మీతోపాటు తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చున్న అమ్మాయి గురించి డ్రాఫ్టులో రాశారు. ఆ వాక్యం ఆమెకి ఒక్కదానికే వెళ్తే దాచుకుంటుంది. 300 మంది మధ్యలో వెళ్తే చదివేసి పనిలో పడిపోతుంది. రోజుకి ఐదుగురికి చొప్పున సోమవారం మొదలుపెడితే గురువారానికి అయిపోతాయి. శుక్రవారానికి పెట్టుకుంటే సగమే అవుతాయి, అంచేత వద్దంటాను.

ఇలా రెండుగా విడదీస్తే మీ ఫోన్ నంబర్ చిక్కు కూడా సగం విడిపోతుంది. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, గ్రూప్ మెయిల్‌లోనే నంబర్ పెట్టేయడం. ఎవరికీ తేడా చూపినట్టు ఉండదు, కాస్త మొహమాటపడే జూనియర్లు కూడా సేవ్ చేసుకుంటారు. అయితే గ్రూప్ అంటే మీకు తెలిసిన ముఖాలే కాదు. అందులో కాంట్రాక్టు వాళ్లు ఉంటారు, మీరు ఎన్నడూ చూడని బ్రాంచి వాళ్లు ఉంటారు. కొన్ని రకాల గ్రూపుల్లో పాత మెయిళ్లు భద్రంగా ఉండిపోతాయి, మీరు వెళ్లాక చేరినవాళ్లు కూడా తెరిచి చదవొచ్చు. ఇచ్చిన నంబర్‌ని వెనక్కి తీసుకోవడం కుదరదు. వేళాపాళా లేని ఆయన సంగతి అటుంచండి. మీ సీటులోకి వచ్చిన కొత్తవాళ్లు నెలాఖరున "మేడమ్, ఆ ఎక్సెల్ షీటు పాస్‌వర్డ్ ఏంటి" అని ఫోన్ చేస్తే మీరేం చెబుతారు?

రెండోది, గ్రూప్‌కి సొంత మెయిల్, లింక్డిన్ మాత్రమే ఇవ్వడం, నంబర్ ఆ 19 విడి ఉత్తరాల్లో ఇవ్వడం. మీ పరిస్థితిలో నేనైతే ఇటే మొగ్గుతాను. దీనిలోనూ లోపం లేకపోలేదు. 19 మందిలో ఎవరో ఒకరు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నంబర్ పంచుకోవచ్చు. మీ నంబర్ అలాంటి గ్రూపులో ఇప్పటికే ఉంటే ఈ జాగ్రత్తంతా ఉత్తదే. ఒకసారి చూసుకోండి, అవసరమైతే ఆఖరి రోజు అందులోంచి కూడా బయటికి రండి. అక్కడ వీడ్కోలు ఒక్క లైను చాలు.

మూడోది, నంబర్ ఎవరికీ రాయకుండా, అడిగినవాళ్లకి ఇస్తాననడం. ఇది భద్రమే. కానీ అడగడానికి చొరవ కావాలి, అది దగ్గరివాళ్లకంటే మీరు ఎవరికి ఇవ్వకూడదనుకుంటున్నారో వాళ్లకే ఎక్కువ ఉంటుంది. నిజంగా మిమ్మల్ని తలుచుకునే మనిషి "ఇవ్వాలనుకుంటే ఇచ్చేదిగా" అనుకుని ఊరుకుంటుంది.

ఇప్పుడు మేనేజర్. మీ డ్రాఫ్టు చివరి పేరాలో ఒక వాక్యం ఉంది: "కష్టపడితే ఆ పని ఎవరి పేరు మీదికి వెళ్తుందో కూడా ఇక్కడే నేర్చుకున్నాను." రాసేటప్పుడు హాయిగా ఉండి ఉంటుంది. కానీ 300 మందిలో ఈ కథ తెలిసినవాళ్లు ఐదారుగురు. వాళ్లకి మీరు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు "ఏమైంది, ఎవరినంటోంది" అని పక్కసీటు వాళ్లని అడుగుతారు, మీ పదకొండేళ్లూ ఆ సాయంత్రం ఒక గాసిప్ కింద మారిపోతాయి. ఆ మెయిల్ ఆయన దగ్గర ఉండిపోతుంది, మీ దగ్గర ఉండదు. మీ కొత్త ఆఫీసు వాళ్లో, ఆ తర్వాతి వాళ్లో రిఫరెన్స్ కోసం ఆయనకే ఫోన్ చేయొచ్చు. రిపోర్టు సంగతి చెప్పాలనే ఉంటే హెచ్‌ఆర్ వాళ్ల ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఉంది. అక్కడ తేదీతో, ఫైలు పేరుతో చెప్పండి. చెప్పినందువల్ల మీకు ఒరిగేదేమీ ఉండకపోవచ్చు, ఆయన చెవిన పడే అవకాశమూ ఉంది. అయినా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అది చెప్పే చోటు మాత్రం వీడ్కోలు మెయిల్ కాదు.

మరి థ్యాంక్స్? గ్రూప్ మెయిల్‌లో ఎవరి పేరూ లేనప్పుడు ఆయన పేరు లేదని గమనించేవాళ్లు ఉండరు. ఆయనకి విడిగా ఏమీ రాయకపోయినా తప్పు లేదు. రాస్తే మాత్రం నిజమైనదే రాయండి. "నా ఎదుగుదలకు మీరే కారణం" లాంటివి వద్దు, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు, వెటకారంలా వినిపిస్తుంది. మీ ఉత్తరంలోనే ఒక నిజం ఉంది కదా. "నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీరు ఏమీ అడక్కుండా మూడు వారాలు సెలవిచ్చారు. ఆ సాయం నాకు గుర్తుంటుంది." అంతే, కింద మీ పేరు. ఈ రెండు వాక్యాల్లో రిపోర్టుని క్షమించినట్టూ లేదు, మర్చిపోయినట్టూ లేదు. నంబర్ పెట్టాలా అంటే అక్కర్లేదు. ఆఖరి నెల జీతం లెక్కల కోసం ఆయన మిమ్మల్ని వెతకాల్సి వస్తే హెచ్‌ఆర్ దగ్గర మీ వివరాలు ఉంటాయి.

గ్రూప్ మెయిల్‌కి ఒక నమూనా ఇస్తాను. మీ ఆఫీసులో ఏ భాషలో రాసుకుంటారో అందులోకి మార్చుకోండి. ఇందులోని ఇన్‌వాయిస్ కథ నేను కల్పించింది, దాని చోట మీ మొదటి రోజుల ముచ్చట ఒకటి పెట్టండి. మనుషుల్ని కదిలించేది అదొక్కటే, మిగతాది అందరూ రాసేదే.

> సబ్జెక్ట్: ఈ రోజు నా ఆఖరి పని రోజు – (పూర్తి పేరు), బిల్లింగ్
>
> అందరికీ నమస్కారం,
>
> ఈ రోజుతో ఇక్కడ నా పని పూర్తవుతోంది. చేరిన మొదటి నెలలో ఒకే ఇన్‌వాయిస్‌ని మూడుసార్లు తప్పుగా పంపాను. నాలుగోసారి పంపబోతుంటే పక్క సీటు నుంచి ఒకరు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నారు. ఈ పదకొండేళ్లలో అలా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లు చాలామంది. అందరికీ నా కృతజ్ఞతలు.
>
> నా పనులు ఇకమీదట ఎవరు చూస్తారో బుధవారం పంపిన మెయిల్‌లో ఉంది.
>
> ఈ ఆఫీసు అడ్రస్ ఈ సాయంత్రం నుంచి పని చేయదు. నన్ను ఇక్కడ పలకరించవచ్చు:
> మెయిల్: (సొంత మెయిల్ ఐడీ)
> లింక్డిన్: (ప్రొఫైల్ లింకు)
>
> సెలవు,
> (పూర్తి పేరు)

ఇందులో ఎందుకు మానేస్తున్నారో లేదు, ఎక్కడికి వెళ్తున్నారో లేదు. కొత్త చోటు పేరు చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. పోటీ కంపెనీ అయినా, ఇంకా చేరకపోయినా ఆగడం మేలు. చేరాక లింక్డిన్‌లో మార్చుకుంటే తెలియాల్సినవాళ్లకి అదే తెలుస్తుంది. పనుల అప్పగింత వివరాలని వేరే మెయిల్‌లో పెట్టమన్నది ఊరికే కాదు. రెండూ కలిపితే పని కోసం చదివేవాళ్లు జ్ఞాపకాలని దాటేస్తారు, జ్ఞాపకాల కోసం చదివేవాళ్లు పనిని దాటేస్తారు.

పంపే పద్ధతి గురించి. మీ ఆఫీసులో ఇదివరకు వెళ్లినవాళ్ల మెయిళ్లు ఒకటి రెండు తీసి, ఏ గ్రూప్‌కి పంపారో చూడండి. పెద్ద గ్రూపులకి పంపే హక్కు కొన్నిచోట్ల కొందరికే ఉంటుంది. మిగతావాళ్లు పంపితే ఎవరో ఆమోదించే దాకా ఆగిపోతుంది, ఆ ఆమోదం సోమవారం రావచ్చు, అప్పటికి మీరుండరు. 300 మందికి కాకుండా మీతో పని చేసిన అరవై డెబ్భై మందికే పంపుకోవచ్చు కూడా. నన్నడిగితే అదే బాగుంటుంది. అప్పుడు వాళ్లందరినీ `Bcc` లో పెట్టి, `To` లో మీ అడ్రస్సే పెట్టుకోండి. ఎవరైనా `Reply All` నొక్కినా ఆ జవాబు మీకే వస్తుంది, మిగతా అరవై మంది ఇన్‌బాక్సులు "ఆల్ ద బెస్ట్"లతో నిండవు. కాకపోతే ఎవరెవరికి వెళ్లిందో వాళ్లకి కనిపించదు, ఒకరినొకరు "నీకొచ్చిందా" అని అడుగుతారు. అది భరించదగ్గ ఇబ్బందే.

లాగిన్ నాలుగింటికి ఆగుతుందనుకుంటే మెయిల్ పదకొండింటికి పంపండి. జవాబులు ఆఫీసు అడ్రస్‌కే వస్తాయి, చదువుకోవడానికి మీకు కొన్ని గంటలు కావాలి. మనసుకి నచ్చిన జవాబులకి అప్పుడే సొంత ఐడీ గుర్తుచేస్తూ ఒక లైను తిరిగి రాయొచ్చు. ఆఫీసు మెయిళ్లని సొంత ఐడీకి ఫార్వర్డ్ చేయడం చాలా కంపెనీల నియమాలకి విరుద్ధం. ఆఖరి వారంలో అలాంటివి మరీ నిఘాగా చూస్తారు, వీడ్కోలు జవాబుల కోసం ఆ తలనొప్పి తెచ్చుకోకండి.

జనం తరచూ దెబ్బతినేది ఇంకోచోట. మీ ఫోన్‌లో ఉన్న కొలీగ్‌ల నంబర్లు ఎక్కడ సేవ్ అయ్యాయో చూశారా? ఫోన్‌లో ఆఫీసు అకౌంట్ ఉంటే చాలా పేర్లు ఆ అకౌంట్ కిందే చేరి ఉంటాయి. అకౌంట్ పోయిన రోజు ఆ పేర్లూ పోతాయి. మీరు మీ నంబర్ ఇవ్వడం గురించే ఆలోచిస్తున్నారు గానీ, వాళ్ల నంబర్లు మీ దగ్గర ఉంటాయో లేదో కూడా చూసుకోవాలి. ఆ 19 మందివి వాళ్లకి చెప్పే తీసుకుని, సొంత అకౌంట్‌లో ఒక్కొక్కటిగా సేవ్ చేసుకోండి. ఆఫీసు డైరెక్టరీ మొత్తం ఎత్తుకుపోవడం మాత్రం కూడదు. లింక్డిన్‌లోకి ఆఫీసు మెయిల్‌తోనే లాగిన్ అవుతుంటే ఈ వారమే సొంత ఐడీ చేర్చి, దాన్ని ప్రధాన ఐడీగా మార్చండి. శనివారం అది పాత అడ్రస్‌కి కోడ్ పంపిందంటే, 300 మందికి ఇచ్చిన లింకు మీకే తెరుచుకోదు.

సొంత ఐడీకి ఇంకో ఫోన్ నుంచి ఒక టెస్ట్ మెయిల్ కొట్టి చూడండి, మెయిల్‌లో రాసిన ఐడీని కాపీ చేసే పంపండి. సున్నా, ఓ అక్షరం తారుమారైన ఐడీలు నేను చూశాను. కాలేజీ రోజుల్లో సరదాకి పెట్టుకున్న పేరుతో ఐడీ ఉంటే, మీ పేరుతో కొత్తది తెరవడానికి పది నిమిషాలు పట్టదు. విడి ఉత్తరాల్లో నంబర్ రాసేటప్పుడు ముందు దేశం కోడ్ కూడా పెట్టండి, ఆ 19 మందిలో ఎవరు ఏ దేశానికి వెళ్తారో మనకేం తెలుసు.

క్లయింట్ ఆఫీసులోని మీ స్నేహితురాలికి ఈ మెయిల్ వద్దు. బయటివాళ్లకి మీరు వెళ్లిపోతున్నట్టు చెప్పాల్సింది కంపెనీ. ఎప్పుడు చెప్పాలో, మీ స్థానంలో ఎవరిని పరిచయం చేయాలో వాళ్లకి ఒక లెక్క ఉంటుంది. మేనేజర్‌ని అడగండి. ఆయన సరేనంటే ఆఫీసు మెయిల్ నుంచి, కొత్తగా చూసుకునేవాళ్లని కాపీలో పెట్టి, పనికి సంబంధించిన వీడ్కోలు రెండు లైన్లలో పంపొచ్చు. అందులో సొంత నంబర్ పెడితే క్లయింట్‌ని లాక్కెళ్తున్నారేమోనన్న అనుమానం రావచ్చు. మీ ఒప్పందంలో క్లయింట్లని సంప్రదించకూడదన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి, ఉంటే ఎంతకాలమో చూడండి. స్నేహం సంగతి వేరు. ఆవిడకి మీ ఫోన్ నుంచి, సొంత సమయంలో, పని ఊసు లేకుండా "ఉద్యోగం మారుతున్నాను, నా నంబర్ ఇదే" అని చెప్పడం స్నేహితులు చేసే పనే. కంపెనీ ఆవిడ ఆఫీసుకి చెప్పాకే అది చెప్పండి.

శుక్రవారం పదకొండింటికి పంపే ముందు మెయిల్ అడుగు దాకా ఒకసారి దిగి చూడండి. కింద ఆఫీసు సిగ్నేచర్ తనంతట తనే వచ్చి కూర్చుని ఉంటుంది, అందులో మీ పాత హోదా, డెస్క్ ఎక్స్‌టెన్షన్, కంపెనీ ఇచ్చిన మొబైల్ నంబర్ ఉంటాయి. నంబర్ కోసం చూసేవాళ్లు దాన్నే మీ నంబరనుకుని సేవ్ చేసుకుంటారు. వచ్చే నెల ఆ సిమ్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. అది చెరిపేసి పంపండి.